కౌమారంలో తుంటి ఎముక జారుడు: ఎక్స్-రే గుర్తులు, అత్యవసర స్థిరీకరణ సూత్రాలు – కృష్ణా డెల్టా దిగువ ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం

పదమూడేళ్ల బాలుడు మోకాలి నొప్పితో కుంటుతున్నప్పుడు పెద్దలు సాధారణంగా ఆటలో తగిలిన దెబ్బగానో, ఎదిగే వయసు నొప్పిగానో భావిస్తారు. మోకాలికి ఎక్స్-రే తీస్తే అందులో ఏ దోషమూ కనిపించదు. అయితే కొందరు పిల్లలలో లోపం మోకాలిలో కాక తుంటిలో ఉంటుంది. తొడ ఎముక శిరస్సుకూ మెడకూ మధ్య ఉండే ఎదుగుదల పలక బలహీనపడి, ఆ రెండు భాగాలూ ఒకదానిపై ఒకటి జారుతాయి. వైద్యశాస్త్రం దీనిని 'స్లిప్డ్ క్యాపిటల్ ఫెమొరల్ ఎపిఫిసిస్' అంటుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వంటి ప్రాంతాలలో మొదటి పరీక్షకూ శస్త్రచికిత్సకూ మధ్య దూరం, కాలం రెండూ అడ్డుపడతాయి. అందువల్ల ఈ వ్యాధిని ఎలా గుర్తించాలి, గుర్తించిన వెంటనే ఏమి చేయాలి అన్న రెండు ప్రశ్నలకే ఈ వ్యాసం పరిమితమవుతుంది.

జారుడు ఎలా జరుగుతుంది

తొడ ఎముక పైభాగంలో గుండ్రని శిరస్సు తుంటి గిన్నెలో కుదురుకొని ఉంటుంది. బాల్యంలో శిరస్సుకూ మెడకూ మధ్య మృదులాస్థితో కూడిన ఒక పలుచని పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది ఇక్కడే. కౌమారంలో ఎదుగుదల వేగం పుంజుకున్నప్పుడు ఈ పొర తాత్కాలికంగా బలహీనపడుతుంది. దానికి అధిక బరువు తోడైతే పొర ఆ భారాన్ని మోయలేదు. అప్పుడు శిరస్సు గిన్నెలోనే నిలిచిపోతుంది, మెడ మాత్రం ముందుకు, బయటికి తిరుగుతుంది. చూసేవారికి శిరస్సు వెనుకకు, కిందికి జారినట్లు కనిపిస్తుంది కనుక ఈ పేరు వచ్చింది. వాస్తవంగా కదిలేది మెడ.

బాలురలో ఈ వ్యాధి ఎక్కువగా 12 నుండి 14 ఏళ్ల మధ్య, బాలికలలో దానికి సుమారు ఒక సంవత్సరం ముందు కనిపిస్తుంది. స్థూలకాయం ప్రధాన కారణమైనప్పటికీ అదొక్కటే కారణం కాదు. థైరాయిడ్ లోపం, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి, ఎదుగుదల హార్మోన్ లోపం కూడా పొరను బలహీనపరుస్తాయి. భారతీయ పిల్లలలో విటమిన్ డి లోపాన్ని కూడా పరిశీలించవలసి ఉంది. వెల్లూరు వైద్యులు 2013లో ప్రచురించిన 15 మంది రోగుల పరిశీలన ఈ సంబంధాన్ని ముందుకు తెచ్చింది. అందువల్ల సన్నగా ఉన్న పిల్లవాడికి ఈ వ్యాధి రాదని భావించడం పొరపాటు. పదేళ్లలోపు, పదహారేళ్లు దాటిన తరువాత, లేదా వయసుకు తగిన ఎత్తు లేని పిల్లలలో ఇది కనిపిస్తే థైరాయిడ్, మూత్రపిండాలు, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు తప్పనిసరి.

స్థిరమైన జారుడు, అస్థిరమైన జారుడు

చికిత్స తొందరను నిర్ణయించే విభజన ఒక్కటే: పిల్లవాడు నడవగలడా, లేడా? ఊతకర్రల సాయంతోనైనా నడవగలిగితే అది స్థిరమైన జారుడు. ఊతకర్రలు ఉన్నా కాలు మోపలేకపోతే అది అస్థిరమైనది. 1993లో లోడర్, ఆయన సహచరులు ఈ విభజనను ప్రతిపాదించారు. వారు పరిశీలించిన 55 తుంటులలో 30 అస్థిరమైనవి, 25 స్థిరమైనవి. అస్థిరమైన వాటిలో 14 తుంటులలో, అంటే 47 శాతంలో, శిరస్సుకు రక్తప్రసరణ నిలిచిపోయి ఎముక మృతి చెందింది. స్థిరమైన వాటిలో అటువంటిది ఒక్కటీ లేదు. తరువాతి అధ్యయనాలలో ఈ శాతం కొంత మారినప్పటికీ రెండింటి మధ్య అంతరం మాత్రం నిలిచే ఉంది.

ఈ వ్యత్యాసానికి కారణం రక్తనాళాల అమరిక. శిరస్సుకు రక్తాన్ని అందించే ప్రధాన నాళాలు మెడ వెనుక, పైభాగం వెంబడి సాగుతాయి. నెమ్మదిగా జరిగే జారుడులో అవి కొత్త స్థితికి సర్దుకుంటాయి. హఠాత్తుగా జరిగితే సాగి, మెలిపడి లేదా తెగి పనిచేయడం మానేస్తాయి. కీలు సంచిలో చేరిన రక్తం కూడా వాటిపై ఒత్తిడి పెంచుతుంది. కాబట్టి స్థిరమైన జారుడును అస్థిరంగా మారనీయకుండా ఆపడమే చికిత్సలో మొదటి కర్తవ్యం.

ఒక నమూనా సందర్భం

నాగాయలంక ప్రాంతంలోని ఎనిమిదో తరగతి బాలుడిని ఊహించవచ్చు. వయసు 13, బరువు 68 కిలోలు. రెండు నెలలుగా ఎడమ మోకాలు నొప్పి. మొదట మోకాలికి ఎక్స్-రే తీయగా ఏమీ కనిపించలేదు. నూనెతో మర్దన చేయించారు, ఆ తరువాత నాటు కట్టు కట్టించారు. నొప్పి తగ్గలేదు. నడిచేటప్పుడు ఎడమ పాదం బయటికి తిరుగుతున్నట్లు తల్లి గమనించింది.

తుంటిలోని నొప్పి మోకాలిలో వినిపించడానికి ఆబ్ట్యురేటర్ నాడి కారణం. అది తుంటి కీలుకూ, తొడ లోపలి వైపు మోకాలి దాకా ఉన్న భాగానికీ స్పర్శను అందిస్తుంది. పరీక్షించేవారు బాలుడిని వెల్లకిలా పడుకోబెట్టి ఎడమ తొడను పైకి మడిచినప్పుడు, అది నేరుగా రాక తనంతట తానే బయటికి తిరిగిపోయింది. డ్రెమాన్ గుర్తు అనే ఈ కదలిక కనిపించినప్పుడు మోకాలి ఎక్స్-రే చాలదు, రెండు తుంటులకూ ఎక్స్-రే కావాలి. బాలుడు ఇంకా నడుస్తున్నాడు కనుక ప్రస్తుతానికి ఇది స్థిరమైన జారుడు.

ఎక్స్-రేలో ఏమి చూడాలి

రెండు తుంటులూ ఒకే చిత్రంలో కనిపించేలా ముందు నుండి తీసిన ఎక్స్-రేలో మెడ పై అంచు వెంట ఒక గీత గీస్తారు. దీనిని క్లైన్ రేఖ అంటారు. ఆరోగ్యకరమైన తుంటిలో ఆ గీత శిరస్సు బయటి భాగాన్ని కొంత కోస్తూ సాగుతుంది. జారుడులో అది శిరస్సును తాకకుండా, లేదా అతి తక్కువగా తాకుతూ వెళుతుంది. ఈ బాలుడి కుడి తుంటిలో గీతకు బయట 6 మిల్లీమీటర్ల శిరస్సు మిగలగా, ఎడమ తుంటిలో 3 మిల్లీమీటర్లే మిగిలింది. ఎడమ వైపు గీత శిరస్సును తాకుతోంది కనుక పాత నియమం ప్రకారం దీన్ని మామూలుగా భావించి విడిచిపెట్టే ప్రమాదం ఉంది. రెండు వైపుల మధ్య తేడా 2 మిల్లీమీటర్లు లేదా అంతకు మించితే అనుమానించాలన్న సవరణ ఇటువంటి సందర్భాల కోసమే వచ్చింది. పొర వెడల్పుగా, అంచులు మసకగా కనిపించడం, మెడపై అర్ధచంద్రాకారంలో తెల్లని నీడ పడటం కూడా జారుడుకు తొలి గుర్తులు. వెనుకకు జారిన శిరస్సు మెడతో అతివ్యాప్తం కావడం వల్లనే ఆ నీడ ఏర్పడుతుంది.

జారుడు ప్రధానంగా వెనుకకు జరుగుతుంది కాబట్టి ముందు నుండి తీసిన చిత్రం దానిని తక్కువ చేసి చూపుతుంది. అందుకే పక్క చిత్రం అవసరం. నడవగలిగిన పిల్లవాడికి తొడలు ఎడం చేసి, మోకాళ్లు మడిచి, 'కప్ప భంగిమ'లో తీస్తారు. అందులో శిరస్సు ఆధారానికి లంబంగా ఒక గీత, తొడ ఎముక కాండం వెంబడి మరొక గీత గీసి, వాటి మధ్య కోణాన్ని కొలుస్తారు. ఎడమ తుంటిలో 47 డిగ్రీలు, కుడి తుంటిలో 12 డిగ్రీలు వచ్చాయనుకుంటే తేడా 35 డిగ్రీలు. ఈ సౌత్‌విక్ కోణం తేడా 30 డిగ్రీలలోపు ఉంటే స్వల్పం, 30 నుండి 50 వరకు మధ్యస్థం, 50 దాటితే తీవ్రం. ఈ బాలుడిది మధ్యస్థ జారుడు.

నడవలేని పిల్లవాడిని మాత్రం కప్ప భంగిమలో పెట్టకూడదు. ఆ కదలికే శిరస్సును మరింత జార్చగలదు. అతనికి కాలు కదపకుండా, పక్క నుండి కిరణాలు పంపి తీసే చిత్రమే తగినది.

మొదటి గంటలు

ఎక్స్-రే చూసిన క్షణం నుండి ఆ బాలుడు ఒక్క అడుగు కూడా వేయకూడదు. నొప్పి మాత్రలు ఇచ్చి, వారం తరువాత రమ్మని ఇంటికి పంపితే, ఆ మధ్యలో చేలగట్టు మీదో, బడి మెట్ల మీదో ఒక్కసారి కాలు జారినా స్థిరమైన జారుడు అస్థిరంగా మారిపోవచ్చు. కృష్ణానది పులిగడ్డ వద్ద రెండుగా చీలి ఏర్పరచిన దివిసీమ నుండి పెద్ద ఆసుపత్రికి వెళ్లడమంటే మచిలీపట్నం మీదుగా విజయవాడ దాకా పోవలసి రావచ్చు. ఆ ప్రయాణం ద్విచక్ర వాహనంపైన, బస్సులో నిలబడి సాగకూడదు. 108 వాహనంలో పడుకోబెట్టి, మోకాలి కింద దిండు పెట్టి, కాలు ఏ భంగిమలో హాయిగా ఉందో అలాగే ఉంచి తీసుకువెళ్లాలి. కాలిని లాగి సరిచేయకూడదు, కట్టు కట్టి బిగించకూడదు. మత్తుకు వీలుగా ఆహారం ఎప్పుడు తీసుకున్నాడో రాసి, రెండు తుంటుల ఎక్స్-రే చిత్రాలను వెంట పంపాలి.

స్థిరీకరణ సూత్రాలు

స్థిరమైన జారుడులో శిరస్సును తిరిగి లాగి సరిచేయరు. ఉన్న స్థితిలోనే ఒక బోలు మరను పొర గుండా దాటించి నిలబెడతారు. సాధారణంగా దాని వ్యాసం 6.5 లేదా 7.3 మిల్లీమీటర్లు. శస్త్రచికిత్స జరుగుతున్నంత సేపు సి-ఆర్మ్ ఎక్స్-రే యంత్రం తెరపై చూపుతుంది. శిరస్సు వెనుకకు జారి ఉంటుంది కనుక మర ప్రవేశించే చోటు తొడ బయటి వైపు కాక, మెడ ముందువైపున ఉండాలి. అక్కడి నుండి మర పొరకు లంబంగా సాగి శిరస్సు మధ్యకు చేరాలి. జారుడు ఎంత ఎక్కువైతే ప్రవేశ స్థానం అంత ముందుకు పోతుంది.

మర నాలుగైదు మరచుట్ల మేర పొరను దాటి శిరస్సులో పట్టు చిక్కించుకోవాలి. దాని కొనకూ కీలు ఉపరితలం కింది ఎముకకూ మధ్య కనీసం 5 మిల్లీమీటర్ల ఎడం మిగలాలి. గుండ్రని శిరస్సులో ఒక కోణం నుండి సురక్షితంగా కనిపించిన మర, మరో కోణంలో బయటికి పొడుచుకొచ్చి ఉండవచ్చు. అందుకే కాలిని తిప్పుతూ కొన ఉపరితలానికి దగ్గరై మళ్లీ దూరమయ్యేదాకా తెరపై పరిశీలిస్తారు. బయటికి వచ్చిన కొన మృదులాస్థిని అరగదీసి కీలును బిగించేస్తుంది. శిరస్సు వెనుక, పై భాగంలోకి మర వెళ్లకూడదు. రక్తనాళాలు ప్రవేశించేది అక్కడే.

అస్థిరమైన జారుడులో శస్త్రచికిత్స అత్యవసరం, వీలైతే 24 గంటలలోపు జరగాలని చాలామంది శస్త్రవైద్యులు భావిస్తారు. అయితే కచ్చితమైన గంటల విషయంలో ఏకాభిప్రాయం లేదు. మత్తులో కాలిని బల్లపై కుదిర్చినప్పుడు శిరస్సు తనంతట సర్దుకుంటే అంగీకరిస్తారు గాని, బలంగా లాగి తిప్పరు. కీలు సంచిని చిన్నగా కోసి లోపలి రక్తాన్ని విడుదల చేస్తారు. ఆపై ఒకటి లేదా రెండు మరలతో నిలబెడతారు. రెండో మర తిరుగుడును కొంత ఆపుతుంది, కానీ కీలులోకి పొడుచుకొచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. తీవ్రమైన జారుడును తెరిచి సరిచేసే సవరించిన డన్ పద్ధతి, దానిలో అనుభవం గల కేంద్రాలకే పరిమితం.

రెండో తుంటి

శస్త్రచికిత్స తరువాత నమూనా బాలుడు సుమారు ఆరు వారాలు ఊతకర్రలతో గడుపుతాడు. అయితే ఎదుగుదల పొరలు మూసుకొనేవరకు కుడి తుంటి ప్రమాదంలోనే ఉంటుంది. రెండో వైపు జారుడు చాలావరకు మొదటి 18 నెలల్లోనే కనిపిస్తుంది. కాబట్టి ఆ కాలంలో మూడు, నాలుగు నెలలకొకసారి రెండు తుంటులకూ ఎక్స్-రే తీయాలి. కుడి మోకాలు నొప్పి పుట్టినా గడువు కోసం ఎదురు చూడకుండా వెంటనే రావాలి. హార్మోన్ లోపాలున్న పిల్లలలోనూ, మరీ చిన్న వయసులోనూ, తరచుగా వైద్యుని వద్దకు రాలేని కుటుంబాలలోనూ రెండో తుంటికి ముందుగానే మర వేయడాన్ని వైద్యులు పరిశీలిస్తారు. ఆరోగ్యకరమైన తుంటికి శస్త్రచికిత్స చేయడంలో ఉన్న స్వల్ప ప్రమాదాన్ని, నాగాయలంక నుండి మళ్లీ మళ్లీ రావలసిన ప్రయాణ భారంతో తూచి నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

ముగింపు

రక్తప్రసరణ ఆగి శిరస్సు కుంగిన తుంటికి యుక్తవయసులోనే కృత్రిమ కీలు అవసరం కావచ్చు. ఆ కీలు జీవితాంతం మన్నదు. నమూనా బాలుడి విషయంలో ఈ పరిణామాన్ని తప్పించినవి మూడు: మోకాలి నొప్పికి తుంటిని పరీక్షించడం, రెండు వైపుల మధ్య 3 మిల్లీమీటర్ల తేడాను గమనించడం, ఆ క్షణం నుండి అతన్ని నడవనీయకపోవడం. వీటిలో మొదటిదానికీ చివరిదానికీ పెద్ద ఆసుపత్రి అవసరం లేదు.