రీఛార్జ్ అయింది, టీవీ ఎందుకు రాలేదు?

ఫోన్‌కు డబ్బులు కట్టినట్టు మెసేజ్ వచ్చేసింది. టీవీలో మాత్రం సీరియల్ బదులు ‘ఈ ఛానల్ మీ ప్యాక్‌లో లేదు’ అన్న సందేశమే కదలకుండా ఉంది. రిమోట్‌తో మెనూలోకి వెళ్లి ఖాతా తెరిస్తే పాత బ్యాలెన్సే కనిపిస్తుంది. డబ్బులు ఎటో పోయాయన్న కంగారులో రెండోసారి కట్టేవాళ్లూ ఉంటారు.

డాబా మీది గొడుగు ఉపగ్రహం పంపేది అందుకుంటుందే తప్ప, ఇంటి నుంచి అటు ఏమీ పంపలేదు. కాబట్టి మామూలు సెట్‌టాప్ బాక్సు ‘మా ఖాతాలో ఎంత ఉంది?’ అని కంపెనీని అడగలేదు. కంపెనీ ఉపగ్రహం ద్వారా చివరిసారి పంపిన వివరాన్నే దాచుకుని చూపిస్తుంది. బాక్సు కొన్నాళ్లు ఆపి ఉంచితే ఆ అంకె ఇంకా పాతబడుతుంది. వైఫై కలిపిన స్మార్ట్ బాక్సులకు ఈ ఇబ్బంది తక్కువ. అవి ఇంటర్నెట్‌లో కంపెనీతో నేరుగా మాట్లాడగలవు.

ఖాతా వివరాలు సాధారణంగా Menu నొక్కితే My Account లాంటి పేరుతో దొరుకుతాయి. కంపెనీని బట్టి పేరు కాస్త మారుతుంది. అక్కడ బ్యాలెన్స్‌తో పాటు గడువు తేదీ, ఖాతా నంబరు ఉంటాయి. రీఛార్జ్‌కు అసలు కావాల్సింది ఆ నంబరే. కొన్ని కంపెనీలు సబ్‌స్క్రైబర్ ఐడీ అడుగుతాయి, కొన్ని కార్డు మీది వీసీ నంబరు అడుగుతాయి. ఒకదానికి బదులు ఇంకోటి కొడితే యాప్ ఒప్పుకోదు. ఒక్క అంకె తప్పితే మాత్రం డబ్బు ఎవరో తెలియనివాళ్ల ఖాతాలోకి పోవచ్చు. పేమెంట్ యాప్ ఖాతాదారు పేరు చూపిస్తే, మీట నొక్కే ముందు అది మన ఇంట్లోవాళ్లదేనా అని చూసుకోవడం మేలు.

మెనూలో ‘రీఛార్జ్’ అని ఉన్నా, చాలా బాక్సుల్లో డబ్బు కట్టేది తెర కాదు, చేతిలోని ఫోనే. తెర మీద క్యూఆర్ కోడ్ వస్తే దాన్ని స్కాన్ చేసి యూపీఐతో కట్టేస్తారు. సొమ్ము ఇంటర్నెట్ దారిలో కంపెనీకి చేరుతుంది. ఆ తర్వాత ‘ఈ కార్డుకు ఛానళ్లు తెరువు’ అన్న ఆదేశం ఉపగ్రహం మీదుగా గొడుగుకు వస్తుంది. అది అందాలంటే బాక్సు కరెంటు మీద ఉండాలి. స్విచ్ బోర్డు దగ్గరే ఆపేసి ‘రీఛార్జ్ పని చేయలేదు’ అనుకుంటే, పాపం, పెట్టె మాత్రం ఏం చేస్తుంది?

బాక్సు ఆన్‌లోనే ఉన్నా ఛానల్ తెరుచుకోకపోతే అదే ఛానల్ మీద ఉంచి కాసేపు ఆగాలి. అప్పటికీ రాకపోతే రిజిస్టర్ చేసిన ఫోన్ నుంచి కంపెనీకి రిఫ్రెష్ కోరాలి. దాంతో ఆదేశం మళ్లీ వస్తుంది. మళ్లీ డబ్బు కట్టాల్సిన పని లేదు.

ప్యాక్ మార్చేటప్పుడు ఇంకో తికమక ఎదురవుతుంది. నెలకు 300 రూపాయల ప్యాక్, ఖాతాలో 120 రూపాయలు ఉన్నాయనుకుందాం. చాలా చోట్ల సొమ్ము రోజువారీగా కోస్తారు. అంటే రోజుకు 10 రూపాయల చొప్పున 12 రోజులు వస్తుంది. మధ్యలో 19 రూపాయల ఛానల్ ఒకటి జోడించారు. 18 శాతం జీఎస్టీతో అది 22 రూపాయల 42 పైసలు. ఇప్పుడు రోజుకు దాదాపు 10 రూపాయల 75 పైసలు పోతుంది కాబట్టి 120 రూపాయలు పదకొండు రోజులే వస్తాయి. మెనూలో గడువు తేదీ ఒకరోజు వెనక్కి జరిగితే ఎవరో దోచుకున్నట్టు కాదు, లెక్క మారిందంతే.

హెచ్‌డీ తీసుకునేటప్పుడు మరో సంగతి ఉంది.  ఒకే ఛానల్‌ను ఎస్‌డీలోనూ హెచ్‌డీలోనూ ఉంచుకుంటే రెండింటికీ కడుతున్నట్టే. అందుకే ఖాతా పేజీలో ప్యాక్‌ల జాబితా తెరిచి, అక్కర్లేనిది ముందు తీసేసి, ఆ తర్వాత కొత్తది జోడించడం నయం. కొన్ని ప్యాక్‌లను కనీస గడువు ముగిసేదాకా తీసేయనివ్వరు. ఖరారు చేసే ముందు వచ్చే ఆ చిన్నక్షరాల పేజీని చదవకుండా OK కొట్టేస్తే నెలంతా ఆ ప్యాక్‌తోనే సర్దుకోవాల్సి రావచ్చు.

ఛానల్ రాకపోవడానికి ప్రతిసారీ బ్యాలెన్సే కారణం కాదు. జోరువాన కురుస్తుంటే సెట్టింగ్స్‌లో సిగ్నల్ పేజీ తెరవాలి. స్ట్రెంగ్త్, క్వాలిటీ గీతలు బాగా పడిపోయి ఉంటే తప్పు ఖాతాది కాదు, వానది. అది తగ్గేదాకా ఆగాల్సిందే. వాన వెలిసినా గీతలు లేవకపోతే గొడుగు పక్కకు జరిగిందేమో, వైరు ఊడిందేమో చూడాలి. గీతలు నిండుగా ఉండి ఒకటి రెండు ఛానళ్లే రాకపోతే అప్పుడు ప్యాక్ జాబితా చూడాలి.