ఎర్ర మూతా, నారింజ మూతా?

ఇన్సులిన్ సొంతంగా వేసుకునే రోగికి తేలిక మాటల్లో కరపత్రం రాయడం నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చే అసైన్‌మెంట్. అందులో సిరంజి ఎంపిక గురించి స్పష్టంగా రాయాలి.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూతది. 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే, ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. స్పృహ కూడా తప్పవచ్చు.

‘తగిన సిరంజి వాడండి’ అంటే రోగికి అర్థం కాదు. ‘సీసా మీద 40 ఉంటే ఎర్ర మూత, 100 ఉంటే నారింజ మూత’ అని రాయాలి. జిరాక్సులో రంగులు పోతాయి కాబట్టి బొమ్మలోని సిరంజి మీద అంకె కూడా వేయాలి. చివరికి రోగి చేతికి సీసా ఇచ్చి, సిరంజి ఎంచుకోమనాలి. తప్పుది తీస్తే కరపత్రాన్ని తిరగరాయాలి.