ఎవరు, ఏమిటి, వద్దంటే ఎలా?

"శుభవార్త! పండుగ ధమాకా! చీరలపై 50% వరకు, డ్రెస్సులపై 1+1, పిల్లల బట్టలకు గిఫ్ట్. త్వరపడండి!"

ఇలాంటి మెసేజ్ చూసి ఏ షాపుకు వెళ్లాలి? పైన కనిపించే ఆరక్షరాల హెడర్ చూసి షాపు పేరు పోల్చుకోవడం కష్టం. అందుకే పేరు, ఊరు మొదట్లోనే ఉండాలి. లక్ష్మీ శారీస్ అనే షాపు ఉందనుకుని తిరగరాద్దాం:

"లక్ష్మీ శారీస్, తెనాలి: ఆదివారం వరకు కాటన్ చీరలపై 20% తగ్గింపు. మెసేజ్‌లు వద్దంటే (నంబరు)కు మిస్డ్ కాల్ ఇవ్వండి."

మూడు ఆఫర్లలో ఒకటే మిగిల్చాం. "50% వరకు" అన్నది కూడా తీసేశాం. ఆ మాట నమ్మి వచ్చినవాళ్లకు చాలా చీరలపై పదిశాతమే దొరికితే గొడవే.

చివరి వాక్యంలో చాలామంది "STOP అని రిప్లై ఇవ్వండి" అని రాసేస్తారు. అక్షరాల హెడర్‌కు తిరుగు మెసేజ్ వెళ్లదు! కాబట్టి నిజంగా పనిచేసే నంబరు ఇవ్వాలి. కాల్ చేసినవారి నంబరును జాబితాలోంచి తీసేసే ఏర్పాటూ ఉండాలి.

తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పరిమితి. గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" ఒక్కటే ఆరు. పరిమితి దాటితే 67 చొప్పున భాగాలవుతుంది, ప్రతి భాగానికీ ఛార్జీ. మన కొత్త మెసేజ్ రెండు భాగాల్లో పడుతుంది. ఆ ఖర్చు తగ్గించాలని వద్దనే వాక్యాన్ని మాత్రం కత్తిరించకండి.

మాటలు మారాయి కాబట్టి డీఎల్‌టీ పోర్టల్‌లో కొత్త టెంప్లేట్‌కు ఆమోదం తీసుకోవాలి. లేకపోతే టెలికాం కంపెనీ దగ్గరే మెసేజ్ ఆగిపోతుంది.