ఏఎంహెచ్ తక్కువైతే గర్భం రాదా?

ముప్ఫై మూడేళ్ల యువతి రిపోర్టులో ఏఎంహెచ్ మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాములు, పక్కనే ‘తక్కువ’ అని ఉంది. ఇక పిల్లలు పుట్టరేమోనని ఆమె బెంగ. కానీ ఈ పరీక్ష అండాల నిల్వ ఎంతో సుమారుగా చెబుతుందే గానీ నాణ్యత చెప్పదు. అది ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. పైగా సహజంగా గర్భం రావడానికి నెలకు ఒక్క అండం చాలు.

2017లో జామా పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం, సంతానలేమి సమస్య లేని 30–44 ఏళ్ల మహిళలను గమనించింది. ఆరు నెలసరుల్లో గర్భం దాల్చే అవకాశం ఏఎంహెచ్ 0.7 లోపు ఉన్నవారికి 65 శాతం, మామూలుగా ఉన్నవారికి 62 శాతం.

ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి ఈ అంకె పనికొస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే తగ్గి కనిపించవచ్చు. 35 ఏళ్లలోపు వారు ఏడాది, దాటినవారు ఆరు నెలలు ప్రయత్నించినా ఫలితం లేకపోతే దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి.