స్టూడియో తెర మీద ముడతలు పోయేదెలా?

స్టూడియోలో మనిషి వెనక వేలాడే నూలు తెర మీద ముడత పడినంత మాత్రాన ఆ చోట గుడ్డ రంగు మారదు. లైటు వైపు తిరిగిన వాలు మీద వెలుతురు కాస్త ఎక్కువ పడుతుంది, అవతలి వాలు నీడలో ఉండిపోతుంది. కెమెరాకు చిక్కేది ఈ తేడానే. అందుకే ఫొటోలో ప్రతి ముడతా జంటగా కనిపిస్తుంది: ఒక తెల్లని చార, దాన్ని ఆనుకుని ఒక నల్లని చార. తెల్లచారను తగినంత నల్లబరచి, నల్లచారను తగినంత తెల్లబరిస్తే రెండూ చుట్టుపక్కల గుడ్డతో కలిసిపోతాయి, ముడత కంటికి కనిపించదు. బర్న్, డాడ్జ్ అనే రెండు పనులూ చేసేది ఇదే.

ఈ రెండూ డార్క్‌రూమ్ నుంచి వచ్చిన పద్ధతులు. ఎన్‌లార్జర్ వెలుగు కాగితం మీద పడుతుండగా సన్నని తీగకు అతికించిన అట్టముక్కను మధ్యలో ఆడించేవారు. అది అడ్డుపడిన చోట కాగితానికి వెలుగు తక్కువ అంది, ప్రింటు తేలికపడేది. అరచేతులు దగ్గరచేసి మధ్యలో చిన్న సందు వదిలి, ఆ సందులోంచి అదనంగా వెలుగు పడనిస్తే అక్కడ ప్రింటు నల్లబడేది. ఫొటోషాప్‌లో డాడ్జ్ పరికరానికి తీగ మీది బిళ్ల, బర్న్ పరికరానికి ముడుచుకున్న చెయ్యి గుర్తులుగా ఉన్నది ఇందుకే. క్లోనింగ్ దారి వేరు. అది ఒక చోటి గుడ్డను కాపీ చేసి మరో చోట అతికిస్తుంది.

ఏ ముడతకు ఏది వాడాలన్న నిర్ణయమే ఈ పనిలో కీలకం. తెర వదులుగా వేలాడటం వల్ల వచ్చే ముడతలు వెడల్పుగా, అంచులు మెత్తగా ఉంటాయి. వాటిలో గుడ్డ నేత, నూలు గరుకుదనం చెక్కుచెదరవు, వెలుతురే హెచ్చుతగ్గులవుతుంది. అక్కడ డాడ్జ్, బర్న్ వాడితే కింది నేత అలాగే నిలుస్తుంది. తెరను నెలల తరబడి మడతపెట్టి సంచిలో ఉంచడం వల్ల పడే గీతలు సన్నగా, పదునుగా, గళ్లుగళ్లుగా ఉంటాయి. గీత మీద నేత నలిగిపోయి ఉంటుంది కాబట్టి వెలుతురు సరిచేసినా గీత ఆనవాలు మిగిలిపోతుంది. అలాంటి చోట క్లోనింగ్ తప్పదు. చాలామంది తెర మొత్తాన్నీ క్లోనింగ్‌తోనే సాఫు చేయబోయి గుడ్డను ప్లాస్టిక్ షీటులా మార్చేస్తారు. క్లోనింగ్ ఎంత తక్కువ జరిగితే ఫలితం అంత సహజంగా ఉంటుంది.

ఒక ఫొటోను తీసుకుని పని వరుసగా చూడవచ్చు. బూడిదరంగు నూలు తెర ముందు స్టూలు మీద ఒక యువతి కూర్చుంది. సాఫ్ట్‌బాక్స్ ఎడమవైపు ఉంది, కాబట్టి తెర ఎడమన వెలుగుగా ఉండి కుడికి పోయేకొద్దీ మసకబారుతోంది. తెర మీద నిలువుగా ఒకటి, అడ్డంగా రెండు మడత గీతలున్నాయి. యువతి కుడి భుజం దగ్గర మొదలై పై మూలకు ఏటవాలుగా సాగిన పెద్ద ముడత ఒకటుంది. రా ఫైలును 16 బిట్‌లో తెరవాలి. 8 బిట్ ఫైలులో ఇలాంటి మెత్తని మసకలను సాగదీస్తే రంగు మెట్లుమెట్లుగా విడిపోయి పట్టీలు కనిపిస్తాయి.

ముందు మడత గీతల సంగతి చూడాలి. అసలు ఫొటో మీద ఒక ఖాళీ లేయర్ పెట్టి, క్లోన్ స్టాంప్‌లో Sample దగ్గర Current & Below ఎంచుకోవాలి. ఈ లేయర్ అన్నిటికన్నా కింద ఉండాలి. వెలుతురు మార్చే లేయర్లు తర్వాత దీని పైకి వస్తాయి. క్రమం తారుమారై, పైన అవి ఉండగా All Layers ఎంచుకుని కింద క్లోన్ చేస్తే, ఒకసారి మారిన వెలుతురు మళ్లీ మారి అతికించిన చోటు మరకలా తేలుతుంది.

బ్రష్ గీతకన్నా కాస్త వెడల్పుగా, అంచు పూర్తి మెత్తగా ఉండాలి. అడ్డగీత దగ్గర పని సులువు. ఈ తెర మీద వెలుగు ఎడమ నుంచి కుడికి తగ్గుతోంది తప్ప పైనుంచి కిందికి పెద్దగా మారడం లేదు. కాబట్టి గీతకు సరిగ్గా పైనో కిందో ఉన్న గుడ్డ మీద Alt పట్టుకుని క్లిక్ చేసి నమూనా తీసుకుంటే వెలుతురు కలుస్తుంది. నిలువుగీత దగ్గర ఆ వీలుండదు. ఎడమన ఉన్న గుడ్డ గీతకన్నా వెలుగుగా, కుడిన ఉన్నది మసకగా ఉంటుంది. అక్కడ గీత ఎడమ అంచుకు ఎడమ నుంచి, కుడి అంచుకు కుడి నుంచి నమూనా తీసుకోవాలి. నడుమ సన్నని అతుకు మిగిలినా కంగారు అక్కర్లేదు, తర్వాత డాడ్జ్, బర్న్ దాన్ని కలిపేస్తాయి.

గీతలో నల్లని భాగమే కనిపిస్తుంటే స్టాంప్ మోడ్‌ను Lighten కు మార్చడం మంచి పద్ధతి. అప్పుడు నమూనాకన్నా నల్లగా ఉన్న చుక్కలు మాత్రమే మారతాయి, మిగతా నేత అలాగే ఉంటుంది. తెల్లని గీతకు Darken అదే పని చేస్తుంది. ఈ పని ఫొటోను 100 శాతానికి పెంచి చేయాలి. ఒకే చోటు నుంచి పదేపదే నమూనా తీసుకోకూడదు. గుడ్డలో ఒక దారపు ముడి ఉంటే అది గీత పొడుగునా వరసగా అచ్చు పడి, ఎవరో స్టాంపు వేసినట్టు పట్టిస్తుంది.

హీలింగ్ బ్రష్ 2002లో ఫొటోషాప్ 7తో వచ్చింది. అది నమూనా నుంచి నేతను తీసుకుని, వెలుతురును చుట్టుపక్కల నుంచి తానే కలుపుకుంటుంది. ఖాళీ తెర మధ్యలో ఇది క్లోనింగ్ కన్నా చులాగ్గా పని చేస్తుంది. జుట్టు, భుజం, చీర అంచు దగ్గరికి వస్తే మాత్రం వాటి నలుపును కూడా కలుపుకుని మురికి మరక పెడుతుంది. అంచుల దగ్గర క్లోన్ స్టాంపే నమ్మదగినది.

ఇక ఏటవాలు ముడత. దీనికి రెండు కర్వ్స్ లేయర్లు కావాలి. ఒకదానిలో మధ్యనున్న 128 విలువను సుమారు 155 దాకా లేపాలి, ఇది డాడ్జ్. రెండోదానిలో దాన్ని సుమారు 100 దాకా దించాలి, ఇది బర్న్. రెండింటి మాస్కులనూ Ctrl+I తో నల్లగా తిప్పేస్తే రెండూ దాగిపోతాయి. ఆ తర్వాత తెల్లని మెత్తని బ్రష్‌తో మాస్కు మీద రాసిన చోట మాత్రమే ప్రభావం బయటపడుతుంది. ఫ్లో 2 లేదా 3 శాతానికి మించకూడదు. ఎక్కువ రాశామనిపిస్తే నల్లని బ్రష్‌తో వెనక్కి తీసుకోవచ్చు. డాడ్జ్ పరికరాన్ని నేరుగా ఫొటో మీద వాడితే ఈ వెసులుబాటు ఉండదు.

ఎంత రాయాలో కంటితోనే కాక అంకెలతోనూ చూడవచ్చు. Info ప్యానెల్ తెరిచి, ఐడ్రాపర్ నమూనాను 5 by 5 Average గా పెట్టుకుంటే నేత గరుకు వల్ల అంకెలు ఎగిరిపడవు. మన ఫొటోలో ముడతకు పక్కనున్న గుడ్డ 118 చూపిస్తోందనుకుందాం. తెల్లచార 134, నల్లచార 98 ఉన్నాయి. బ్రష్‌ను చార వెడల్పుకు సరిపెట్టి, ముడత సాగిన దారినే నల్లచార మీద డాడ్జ్ మాస్కులో పొడుగ్గా నాలుగైదు సార్లు రాస్తే అంకె 98 నుంచి మెల్లగా పైకి వస్తుంది. 115 దగ్గర ఆగి, తెల్లచార మీద బర్న్ మాస్కులో అలాగే రాసి 120 దాకా దించాలి. సరిగ్గా 118 కోసం పట్టుబట్టనక్కర్లేదు. కొద్దిపాటి హెచ్చుతగ్గు ఉంటేనే అది గుడ్డలా కనిపిస్తుంది. ముడత మూల వైపు సాగేకొద్దీ పక్క గుడ్డ కూడా మసకబారుతుంది కాబట్టి, లక్ష్యంగా పెట్టుకున్న అంకెను కూడా అక్కడక్కడ మళ్లీ చూసుకోవాలి. ఈ సంగతి మరిచి ముడత పొడుగునా ఒకే వెలుతురు తెస్తే, ముడత పోయిన చోట ఒక వెలుగు పట్టీ మిగులుతుంది.

ఈ దశలో ఫొటోను దగ్గరికి లాగి చూడటం పెద్ద తప్పు. వెడల్పాటి ముడత దూరం నుంచే తెలుస్తుంది కాబట్టి తెర మొత్తం కనిపించేలా ఫొటోను కుదించి పని చేయాలి. పైన తాత్కాలికంగా ఒక Black & White లేయర్, దాని మీద కాంట్రాస్ట్ బాగా పెంచిన మరో కర్వ్స్ లేయర్ పెడితే దాగివున్న మచ్చలన్నీ బయటపడతాయి. ఆ చూపుకు అలవాటుపడి ప్రతి మచ్చనూ చెరపడం మొదలుపెడితే పనికి అంతుండదు. వాటిని ఆపి చూసినప్పుడు కనిపించని మచ్చ ప్రింటులోనూ కనిపించదు.

మెరూన్, ఆకుపచ్చ వంటి రంగు తెరలతో మరో చిక్కు ఉంది. ముడత లోపల వెలుగు గుడ్డ నుంచి గుడ్డకు తగిలి వస్తుంది కాబట్టి నీడలో రంగు చిక్కబడుతుంది. వెలుతురు సమానం చేశాక కూడా అక్కడ చిక్కని రంగు చార ఒకటి తేలుతుంది. కర్వ్స్ లేయర్లను Luminosity కి మారిస్తే ఆ తేడా మరింత పెరగకుండా ఉంటుంది. మిగిలినదానికి Color మోడ్‌లో ఒక ఖాళీ లేయర్ పెట్టి, పక్క గుడ్డ రంగును తీసుకుని తక్కువ ఫ్లోతో రాయాలి.

జుట్టు దగ్గర ఓపిక పట్టాలి. ముడత కురుల వెనక నుంచి వెళితే, బ్రష్ కురులను కూడా తేలిక చేసి తల చుట్టూ తెల్లని వలయం పెడుతుంది. మనిషిని సెలెక్ట్ చేసి, ఆ సెలెక్షన్ అంచును ఒకటి రెండు పిక్సెళ్లు మెత్తబరచి, మాస్కులో ఆ భాగాన్ని నలుపుతో మూసేయాలి. విడి వెంట్రుకల మధ్య కనిపించే గుడ్డను వదిలేయడమే మేలు. అక్కడ మిగిలిన కొద్దిపాటి ముడత ఎవరి కంటా పడదు, వలయం మాత్రం అందరి కంటా పడుతుంది.

తెర నేల మీదికి పరుచుకున్న నిలువెత్తు ఫొటోల్లో పాదాల కింద గుడ్డ బరువుకు నలిగి చిన్న నీడలు పడతాయి. వాటిని కూడా చెరిపేస్తే మనిషి గాలిలో తేలుతున్నట్టుంటుంది. పాదాలను ఆనుకున్న నీడను ముట్టుకోకూడదు.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. నీడ పూర్తిగా 0 కు పడిపోయిన చోట డాడ్జ్ చేస్తే బూడిదరంగు మసక మాత్రమే వస్తుంది, నేత రాదు. వెలుగు 255 కు చేరిన చోట బర్న్ దీ అదే పరిస్థితి. అక్కడ క్లోనింగ్ ఒక్కటే దారి. క్లోన్ చేసిన భాగం మరీ నున్నగా తేలితే ఆ లేయర్‌కు ఒకటి రెండు శాతం ఒకే రంగు నాయిస్ కలిపితే చుట్టుపక్కల గుడ్డతో కలుస్తుంది. తెర ఇంతగా నలిగిపోకుండా ఉండాలంటే షూటింగుకు ముందే ఆవిరి ఇస్త్రీ చేసి, అంచులను క్లిప్పులతో బిగించి, మనిషిని తెరకు ఐదారు అడుగుల ముందు కూర్చోబెట్టడం ఎంతో తేలిక. ఆ దూరంలో తెర ఫోకస్ తప్పి, చిన్న ముడతలు వాటంతటవే కరిగిపోతాయి.

కెమెరా స్టాండు మీద కదలకుండా, లైటు మారకుండా తీసిన వరస ఫొటోలైతే ఇంత పనీ ప్రతి దానికీ చేయనక్కర్లేదు. మొదటి ఫొటోలోని రెండు కర్వ్స్ లేయర్లనూ మాస్కులతో సహా Shift పట్టుకుని రెండో ఫొటోలోకి లాగితే సరిగ్గా అదే చోట కూర్చుంటాయి. మనిషి కదిలిన మేర మాస్కు అంచును మళ్లీ రాసుకుంటే చాలు.