దోషం సరే, కోపం ఏ తీరుదో చూశారా?

సంబంధం మాట వచ్చిందంటే చాలు, మన ఇళ్లలో ముందు వినపడే ప్రశ్న ఒకటే. "అమ్మాయికి కుజదోషం ఉందాండీ?" ఉందంటే మాట అక్కడితో ఆగిపోతుంది, లేదంటే ముందుకు సాగుతుంది. కానీ లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడు ఎక్కడున్నా దోషమే అంటారు. పన్నెండు ఇళ్లలో ఐదు ఇళ్లంటే లగ్నం ఒక్కటే చూసినా పన్నెండు మందిలో ఐదుగురికి ఉన్నట్టే. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా లెక్కపెడితే తప్పించుకునేవాళ్లు మిగిలేది కొద్దిమందే. అందుకే శాస్త్రంలో ఇన్ని పరిహారాలు, ఇన్ని మినహాయింపులు.

ఉందా లేదా అన్నదానికంటే పనికొచ్చే ప్రశ్న మరొకటుంది. ఈ మనిషికి కోపం ఎలా వస్తుంది, దేని మీద వస్తుంది? జ్యోతిషంలో కుజుడు రక్తానికి, ధైర్యానికి, పట్టుదలకు కారకుడు. మోహంలోని వేడి, తగవులోని వేడి రెండూ ఆయన లెక్కలోవే. ఆ వేడి ఏ తీరుగా బయటపడుతుందో రాశి చెబుతుంది, ఏ విషయంలో బయటపడుతుందో ఇల్లు చెబుతుంది.

రాశుల సంగతి తత్వాన్ని బట్టి తేలిగ్గా గుర్తుంటుంది. అగ్ని రాశుల్లో కుజుడు భగ్గున మండి తొందరగా చల్లారతాడు. భూతత్వ రాశుల్లో నెమ్మదిగా కదులుతాడు గానీ పట్టిన పట్టు వదలడు. వాయు రాశుల్లో పోట్లాటంతా మాటల్లోనే. జల రాశుల్లో పైకి ఏమీ కనపడదు, లోపల మాత్రం ఉడుకుతూనే ఉంటుంది.

ఒక జంట జాతకాలు ఇలా ఉన్నాయనుకుందాం. ఆమెది మేష లగ్నం, కుజుడు నాలుగో ఇంట కర్కాటకంలో. అది కుజుడికి నీచ రాశి, జల రాశి. నాలుగో ఇల్లంటే తల్లి, ఇల్లు, మనశ్శాంతి. ఆమె ప్రేమ కనిపెట్టుకుని చూసుకోవడంలో కనిపిస్తుంది. వాళ్లమ్మను ఒక్క మాటన్నా, ఇంటి విషయం తనకు చెప్పకుండా తేల్చేసినా మనసు కష్టపెట్టుకుంటుంది. కష్టపెట్టుకున్నట్టు చెప్పదు. కంచంలో అన్నం వడ్డిస్తుంది, పలకరింపు మాత్రం ఉండదు. ఆ కుజుడి నాలుగో చూపు సరిగ్గా ఏడో ఇంటి మీద, అంటే భర్త మీద పడుతుంది. అమ్మగారింటి బాధైనా చివరికి తగిలేది అతనికే.

అతనిది కర్కాటక లగ్నం, కుజుడు ఏడో ఇంట మకరంలో. అది ఉచ్చ రాశి. ఏడో ఇంట కుజుడు దోషమే అయినా మకరంలో ఉంటే వర్తించదని చాలామంది జ్యోతిష్కులు చెబుతారు. దోషం పోయింది, స్వభావం పోలేదు. భార్యంటే అతనికి గట్టి మక్కువ. గొడవ వస్తే ఈ రాత్రికే తేలిపోవాలంటాడు. ఆ కుజుడి ఎనిమిదో చూపు వాక్‌స్థానమైన రెండో ఇంటి మీద ఉంది కాబట్టి మాట కటువుగా వస్తుంది. అతను గొంతు పెంచినకొద్దీ ఆమె నోరు మూసుకుంటుంది. ఆమె మాట్లాడనికొద్దీ అతనికి మండుతుంది. ఈ ఇద్దరికీ కావలసింది శాంతి హోమం కంటే ఒక ఒప్పందం. ఆ రాత్రికి అతను ఆగాలి, తెల్లవారాక ఆమె తనంతట తాను నోరు విప్పాలి.

ఈ లెక్క రెండు చోట్ల తప్పుతుంది. మొదటిది రాశి. చాలా పాశ్చాత్య యాప్‌లు సాయన పద్ధతిలో, మన పంచాంగాలు నిరయన పద్ధతిలో గుణిస్తాయి. ఇప్పుడు రెండింటికీ తేడా సుమారు 24 డిగ్రీలు. రాశికి 30 డిగ్రీలే కాబట్టి ఐదుగురిలో నలుగురికి కుజుడు వెనక రాశిలోకి వెళ్తాడు. యాప్‌లో సింహం కనిపించినవాళ్లలో ఎక్కువమందికి మన చక్రంలో కర్కాటకమే ఉంటుంది. ఒక పద్ధతిలో రాశి తీసుకుని, ఇంకో పద్ధతి ఫలితం చదవకూడదు.

రెండోది ఇల్లు. కుజుడు మామూలుగా ఒక రాశిలో నెలన్నర ఉంటాడు, కాబట్టి పుట్టిన టైము కాస్త అటూ ఇటూ అయినా రాశి మారదు. లగ్నం మాత్రం సుమారు రెండు గంటలకోసారి మారిపోతుంది. టైము "పొద్దున ఎప్పుడో" అని చెప్పే జాతకంలో ఇంటి ఫలితాన్ని నమ్మకండి.

ఇది సంప్రదాయం చెప్పే మాటే గానీ శాస్త్రీయ పరీక్షలో నిలిచిన మాట కాదు. 1985లో నేచర్ పత్రికలో వచ్చిన షాన్ కార్ల్‌సన్ పరీక్షలో, జాతకాన్ని బట్టి మనిషి స్వభావాన్ని పోల్చుకోవడం పాశ్చాత్య జ్యోతిష్కులకు సాధ్యపడలేదు. అందుకే కుజుణ్ణి చూసి సంబంధం వదులుకోకండి. చక్రం చూశాక ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్కమాట అడగనివ్వండి. "కోపమొస్తే నువ్వేం చేస్తావు?" ఆ జవాబు చక్రంతో కలవకపోతే, జవాబునే నమ్మండి.