వార్తల్లో పదం: సెకండరీ హైపర్‌టెన్షన్

చాలామందిలో బీపీకి ఫలానాదని చెప్పగల కారణం దొరకదు. ఒంట్లో మరో జబ్బు ఉండి దానివల్ల పెరిగితే అది సెకండరీ హైపర్‌టెన్షన్. ముప్పై దాటకముందే, లావు కూడా లేనివాళ్లలో బీపీ బయటపడితే ఈ అనుమానం తప్పక రావాలి.

ఉదాహరణకు 28 ఏళ్ల యువకుడు. ఉద్యోగంలో చేరేముందు చేసిన చెకప్‌లో బీపీ 164/102. వారం పాటు ఇంట్లో చూసుకున్నా పై అంకె 150కి దిగలేదు. మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదు, క్రియాటినిన్ మామూలే, స్కానింగ్‌లో కిడ్నీలు బాగున్నాయి. పొటాషియం మాత్రం 3.1. కనీసం 3.5 ఉండాలి. మెట్లెక్కితే తొడలు పీకుతున్నాయని అతను చెప్పిన మాటకు ఇక్కడ అర్థం దొరికింది.

ఇక చూడాల్సింది కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథుల్ని. వీటి నుంచి వచ్చే ఆల్డోస్టిరాన్ ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపేస్తుంది. దాన్ని అదుపు చేసేది కిడ్నీ వదిలే రెనిన్. రెనిన్ అడుగంటినా ఆల్డోస్టిరాన్ తగ్గలేదంటే గ్రంథి తనంతట తానే పనిచేస్తున్నట్టు. ఇతనికి ఆల్డోస్టిరాన్ 24, రెనిన్ యాక్టివిటీ 0.3, నిష్పత్తి 80. ల్యాబ్ కొలతను బట్టి హద్దు మారినా, ఈ లెక్కలో 30 దాటితేనే అనుమానించాలి.

ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పొటాషియం తక్కువగా ఉన్నప్పుడే రక్తం తీస్తే ఆల్డోస్టిరాన్ అణగి, జబ్బు లేనట్టు కనిపించవచ్చు. అందుకే ముందు పొటాషియం సరిచేసి, ఉదయం లేచి రెండు గంటలు తిరిగాక, కాసేపు కూర్చోబెట్టి తీయాలి. తర్వాత సీటీ స్కాన్. ఒకవైపు గ్రంథిలోనే గడ్డ ఉండి, ఆ వైపే హార్మోన్ పొంగుతోందని తేలితే ఆ గ్రంథిని ఆపరేషన్‌తో తీసేస్తారు.